కార్నర్ మీటింగ్‌లో పన్నెండు హామీలు చెప్పాము, మర్నాటికి ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు

ఇరుకుసందు

మా చిన్నమ్మ ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మునిసిపాలిటీలో వార్డు కౌన్సిలర్‌గా స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశారు. వార్డు మహిళలకు రిజర్వు అయింది. ఆవిడ చాలా ఏళ్లుగా పొదుపు సంఘం నడుపుతున్నారు కాబట్టి ముఖపరిచయానికి లోటు లేదు, కానీ వెనుక పార్టీ లేదు, ఖర్చు పెట్టే స్తోమత లేదు. నిన్న సాయంత్రం రావిచెట్టు దగ్గర మొదటి కార్నర్ మీటింగ్ పెట్టాము. ప్రసంగం నేనే రాశాను. తాగునీరు, సీసీ రోడ్లు, కాలువలు, వీధిదీపాలు, ఇళ్ల పట్టాలు, పింఛన్లు, రేషన్ కార్డులు, కుక్కల బెడద, కోతుల బెడద, ఓపెన్ జిమ్, మద్యం దుకాణం తరలింపు, ఆస్తి పన్ను తగ్గింపు, ఇవీ మా పన్నెండు హామీలు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఈ ఉదయం పాల బూతు దగ్గర నిలబడి, సభలో కనిపించిన వాళ్లను ‘నిన్న ఆమె ఏమి చేస్తానన్నారు?’ అని అడిగాను. ఒకాయన ‘రోడ్లు వేస్తానంది’ అన్నాడు. ఒకామె ‘అందరూ చెప్పేవే’ అంది. ఇంకొకాయన ఎదుటి అభ్యర్థి ఇచ్చిన హామీని మా చిన్నమ్మ ఖాతాలో వేసి మరీ మెచ్చుకున్నాడు. పెద్ద పార్టీలు ఆరు అంటే, తొమ్మిది అంటే ఊరంతా చెప్పుకుంటుంది కదా, మా జాబితా మాత్రం ఎందుకు నిలవలేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతబస్టాండ్

ఊరంతా చెప్పుకునేది అంకెను, హామీలను కాదు. 2019లో నవరత్నాలు, 2023లో ఆరు గ్యారంటీలు, 2024లో సూపర్ సిక్స్, వీటిలో ఏ ఒక్కదానిలోని అంశాలనైనా ఫోను చూడకుండా వరుసగా చెప్పగలరేమో మీ ఇంట్లో వాళ్లనే అడిగి చూడండి. మూడు నాలుగు దగ్గర ఆగిపోతారు. అయినా ఆ అంకె నిలిచిందంటే, నెలల తరబడి టీవీలో, గోడల మీద, ఇంటికి పంచిన కార్డుల మీద దానినే తిప్పి తిప్పి చూపించారు. మీకు ఉన్నది ఒక ఆటో, ఒక మైకు, వారం రోజులు.

కృష్ణాతీరం

1983 నాటి రెండు రూపాయలకు కిలో బియ్యం మాట నేటికీ మా అమ్మ నోట వినిపిస్తుంది. అక్కడ ఉన్నది ఒకే వస్తువు, ఒకే ధర. ఎవరికీ వివరించనక్కర లేకుండా ఇంటికి వెళ్లి లెక్క వేసుకోగలిగిన మాట అది. ‘తాగునీటి సమస్య పరిష్కరిస్తాను’ అన్న వాక్యంలో లెక్క వేసుకోవడానికి ఏమీ లేదు.

పాతబస్టాండ్

అది అమలు కూడా అయింది కాబట్టి గుర్తుంది, ఆ సంగతి మరువకండి. అమలు కాని నినాదాలను కూడా జనం గుర్తు పెట్టుకుంటారు, కాకపోతే వెటకారానికి.

సర్పంచ్‌గారి_తమ్ముడు

వార్డు మెంబరుకు ఇంత ప్రసంగం ఎందుకండీ? మా ఊళ్లో వార్డు మెంబర్లందరూ సర్పంచ్ అభ్యర్థి వెనుక ప్యానెల్‌గా నడుస్తారు. తెల్ల బ్యాలెట్ వార్డుకు, గులాబీ బ్యాలెట్ సర్పంచ్‌కు అని రెండు ముక్కలు చెప్పి, గుర్తు చూపిస్తే సరిపోతుంది. పార్టీ గుర్తులు ఎలాగూ ఉండవు.

ఇరుకుసందు

మాది గ్రామ పంచాయతీ కాదండీ, మునిసిపాలిటీ. ఇక్కడ పార్టీలు తమ గుర్తులతోనే పోటీ చేస్తాయి, స్వతంత్రులకు మాత్రం ఎన్నికల సంఘం జాబితా నుంచి గుర్తు ఇస్తారు. ఉపసంహరణ గడువు ఇంకా ముగియలేదు కాబట్టి మాకు గుర్తు రాలేదు.

తీర్మానం

నేను మునిసిపల్ కార్యాలయంలో పని చేసి పదవీ విరమణ పొందాను, కౌన్సిల్ సమావేశాల ఎజెండాలు ఎన్నో టైపు చేయించాను. మీ పన్నెండింటిని కార్యాలయం కళ్లతో చూస్తే జాబితా దానంతట అదే చిన్నదవుతుంది.

ఇళ్ల పట్టా రెవెన్యూ శాఖది, తహశీల్దారు కార్యాలయం తేల్చాలి. పింఛను దరఖాస్తు మునిసిపాలిటీ ద్వారా వెళ్లినా మంజూరు రాష్ట్ర ప్రభుత్వానిది. రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖది. మద్యం దుకాణం లైసెన్సు ఎక్సైజు శాఖది. కోతులను పట్టించడానికి అటవీ శాఖతో మాట్లాడాలి. కుక్కలను ఎక్కడికో తరలించడానికి నిబంధనలు ఒప్పవు, శస్త్రచికిత్స చేయించి పట్టిన చోటే వదలాలి. ఆస్తి పన్ను ఒక కౌన్సిలర్ మాటతో తగ్గదు. తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం వచ్చిన తరువాత 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇంటికి పన్ను ఎలాగూ ఏడాదికి వంద రూపాయలే, కాబట్టి మీ వార్డులో ఇరుకు ఇళ్లు ఎక్కువ ఉంటే తగ్గిస్తామన్న మాట వారికి అర్థమే కాదు. ఇవన్నీ ఎదుటివారు మర్నాడే ‘ఆమె చేతిలో ఉందా?’ అని అడగగలిగినవి.

మిగిలినవి నీళ్లు, కాలువలు, దీపాలు, చిన్న రోడ్లు, జిమ్. వీటిలోనూ రోడ్డు, జిమ్ డబ్బుతో ముడిపడినవి. అసిస్టెంట్ ఇంజనీరు అంచనా వేయాలి, కౌన్సిల్ ఆమోదించాలి, నిధి ఏ పద్దులో ఉందో చూడాలి, టెండరు పిలవాలి. నేను పని చేసిన చోట వార్డుకంటూ విడిగా నిధి ఉండేది కాదు, చైర్‌పర్సన్ వర్గంలో లేని కౌన్సిలర్ రోడ్డు చివరి వరుసకు వెళ్లేది. మీ చిన్నమ్మ స్వతంత్రురాలు. అందువల్ల కొత్తగా డబ్బు మంజూరు కానక్కర లేకుండా, ఇప్పటికే జీతం తీసుకుంటున్న మనుషుల చేత, ఇప్పటికే ఉన్న బళ్ల చేత చేయించగలిగిన పనులనే ఆమె మాటగా ఇవ్వాలి. వాల్వు తిప్పే లైన్‌మన్, చెత్త జవాను, దీపాలు చూసే ఏజెన్సీ, ఈ ముగ్గురి వెంట పడటమే కౌన్సిలర్ అసలు పని.

నోటు_మాట్లాడుతుంది

మీరందరూ హామీల వ్యాకరణం చర్చిస్తున్నారు. పోలింగుకు ముందు రాత్రి కవరు ఇంటికి వస్తుంది, ఏ ప్రసంగమూ దాని ముందు నిలవదు. మా వార్డులో మంచి వక్త అయిన లెక్చరర్ ఒకాయన నిలబడితే డిపాజిట్ కూడా దక్కలేదు.

వంటింటి_కిటికీ

కవరు ఇద్దరు ముగ్గురి నుంచి వచ్చినప్పుడు ఎవరికి వేయాలన్నది మళ్లీ మాటల మీదే తేలుతుంది, ఆ సంగతి మా ఇంట్లోనే చూశాను. అది అలా ఉంచి, ఇరుకుసందు గారిని ఒక ప్రశ్న అడుగుతాను. మీ సభ ఎన్ని గంటలకు పెట్టారు, ఆ సమయానికి ఆ వీధిలో నల్లా వస్తుందా? మా వీధిలో ప్రతి అభ్యర్థీ సరిగ్గా నీళ్లు వచ్చే వేళకే వస్తాడు. ఆడవాళ్లందరూ బిందెల దగ్గర ఉంటారు, మైకు ముందు నిలబడేది పని లేని పదిమంది మగవాళ్లు, వెంట వచ్చిన కార్యకర్తలు. మేము కిటికీలోంచి వింటాము. చేతితో చూపిస్తూ ‘ఇదిగో ఈ సమస్య’ అంటే మాకు ఏ సమస్యో కనిపించదు. మోటారు మోతలో సగం వాక్యం పోతుంది. చిన్న ముక్కగా ఉండి, రెండు మూడు సార్లు వచ్చిన మాట ఒక్కటే లోపలికి చేరుతుంది.

ఇంకొకటి. ప్రసంగం మీరు రాశారు సరే, చదివింది ఆవిడేనా?

ఇరుకుసందు

సభ ఆరున్నరకు పెట్టాము, నల్లా కూడా అప్పుడే వస్తుందట. మొదటి భాగం చిన్నమ్మ మాట్లాడారు, హామీల జాబితా మా చిన్నాన్న చదివారు.

వంటింటి_కిటికీ

అయితే విన్నవాళ్లకు నిలబడింది ఆయనే అనిపించి ఉంటుంది. కౌన్సిలర్ భర్తే కౌన్సిలర్ అనే వాడుక ఊళ్లలో ఎంత ఉందో మీకు చెప్పనక్కర లేదు. జాబితా ఆవిడ నోటే రావాలి, ఆవిడ పొదుపు సంఘంలో మాట్లాడే భాషలోనే రావాలి.

చట్టం_తెలుసు

ఒక హెచ్చరిక. ఓటరుకు ఏదైనా ఇస్తానని అభ్యర్థి వాగ్దానం చేయడం ఎన్నికల నేరం, లంచం కిందికి వస్తుంది. హామీల జాబితా కరపత్రంగా అచ్చు వేస్తే రుజువు మీరే ఇచ్చినట్టు. నినాదాలతో సరిపెట్టుకోండి.

తీర్మానం

అంత దూరం వెళ్లనక్కర లేదు. ఎన్నికల ప్రణాళికలోని ప్రజా సంక్షేమ వాగ్దానాలు అవినీతి చర్య కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో చెప్పింది. కాలువ పూడిక తీయిస్తాను అనడం ఏ విధంగానూ లంచం కాదు. చిక్కు వచ్చేది, గెలిస్తే నా సొంత డబ్బుతో ఫలానా సంఘానికి మండపం కట్టిస్తాను, ఫలానా వీధివారికి బోరు వేయిస్తాను అన్నప్పుడు. అక్కడ మీ హెచ్చరిక సరైనదే. కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ప్రతుల సంఖ్య ఉండాలి, ఆ ఖర్చు లెక్కలో చూపాలి. 2020లో తెలంగాణ మునిసిపాలిటీ అభ్యర్థికి ఖర్చు పరిమితి లక్ష రూపాయలు ఉండేది, ఇప్పటి నోటిఫికేషన్‌లో ఎంత ఉందో రిటర్నింగ్ అధికారి దగ్గర అడగండి. మైకు సెట్టు, ఆటో, కుర్చీలు అన్నీ అందులోకే వస్తాయి.

చట్టం_తెలుసు

నా ఉద్దేశం ఇప్పటికీ అదే, అచ్చులో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

గోడరాత

బ్యానర్లు, గోడలు రాసే వృత్తి మాది. స్వతంత్ర అభ్యర్థి నినాదం రెండు విడతలుగా కట్టుకోవాలి. గుర్తు రాకముందు సమస్య, గుర్తు వచ్చాక సమస్యతో పాటు గుర్తు. 2020 జనవరిలో మునిసిపల్ ఎన్నికలప్పుడు ఉపసంహరణ గడువు 14న ముగిసింది, ప్రచారం 20న సాయంత్రం 5 గంటలకు ఆగింది, పోలింగు 22న జరిగింది. అంటే గుర్తును జనం కంట్లో పడేయడానికి ఆరు రోజులు, మధ్యలో సంక్రాంతి. పార్టీవాడికి ఏళ్ల తరబడి తెలిసిన గుర్తు ఉంటుంది, మీకు ఆరు రోజుల గుర్తు.

గుర్తు కోరుకునేటప్పుడు ఒక రంగుతో, నాలుగు గీతల్లో వేయగలిగినది అడగండి. పార్టీ గుర్తును పోలినది వద్దు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో రోడ్డు రోలరు గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, కారు గుర్తు అభ్యర్థి ఓడింది 5,219 ఓట్ల తేడాతో. తమ ఓట్లు రోలరుకు పోయాయని ఆ పార్టీ ఎంతో కాలం మొరపెట్టుకుంది. అటువంటి పోలిక వల్ల కొన్ని ఓట్లు పొరపాటున రావచ్చునని ఆశపడే అభ్యర్థులు ఉన్నారు, కానీ మీ వాళ్ల ఓట్లు అటు పోవడం కూడా అంతే సులభం.

పాతబస్టాండ్

అదే పేరుతో ఇంకొకరిని నిలబెట్టే అలవాటు కూడా ఉంది, కాబట్టి ఇంటి పేరు లేకుండా నినాదం రాయవద్దు.

మైక్‌సెట్_మల్లేశం

కార్నర్ మీటింగులో ఎవరూ మొదటి నుంచి చివరి దాకా ఉండరు. బండి ఆపి చూసే మనిషి రెండు నిమిషాలు నిలబడి పోతాడు, వాడి వెనుక ఇంకొకడు వస్తాడు. కాబట్టి పావుగంట ప్రసంగం రాస్తే ప్రతి ఒక్కరూ దానిలో ఒక ముక్క మాత్రమే వింటారు, అది ఏ ముక్క అన్నది మీ చేతిలో లేదు. నేను చూసిన మంచి వక్తలు నాలుగు నిమిషాల్లో ముగించి, మొత్తం మళ్లీ మొదలు పెట్టేవారు, తరువాత ఆటో ముందుకు కదిలేది. ఏ రెండు నిమిషాలు విన్నా అభ్యర్థి పేరు, గుర్తు, హామీలు మూడూ చెవిన పడాలి.

హారన్లు ఎదురుగోడకు కొట్టకుండా వీధి పొడుగునా తిప్పండి, లేకపోతే ప్రతిధ్వని వచ్చి రెండు మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత విరామం ఇవ్వమని చెప్పండి. పోలీసు అనుమతి కాగితం ఆటోలోనే ఉంచండి. రాత్రి పది దాటితే మైకు ముట్టుకోవద్దు.

కృష్ణాతీరం

మా మేనత్త కూడా గత ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు, ఆవిడ ఇంటింటికీ తిరిగారే కాని సభలు పెట్టలేదు. ఇంటింటి ప్రచారంలో ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క హామీ ఇవ్వవలసి వచ్చింది. చివరికి ఎవరికి ఏమి చెప్పారో ఆవిడకే గుర్తు లేదు, ఒక ఇంటి వాళ్లు పక్క ఇంటి వాళ్లతో సరిచూసుకున్నప్పుడు మాటలు కలవలేదు. ఆ విధంగా చూస్తే సభలో అందరి ముందు ఒకే మాట చెప్పడం మేలు.

ఇరుకుసందు

అందరి మాటలూ విని, ఈ రోజు చిన్నమ్మతో కూర్చుని పన్నెండును మూడుకు దించాము. తీర్మానం గారు చెప్పిన లెక్క ప్రకారం, డబ్బు మంజూరు అక్కరలేని పనులే ఉంచాము. ఆవిడ నోటితో చెబుతుంటే నేను రాసుకున్నది ఇది.

‘అమ్మలారా, అయ్యలారా, నేను ఈ వార్డు కోడలిని. పొదుపు సంఘంలో నన్ను మీరు ఎరుగుదురు, సంఘం పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వచ్చిందేమో మీరే చెప్పాలి. నేను పెద్ద మాటలు చెప్పను, మూడు పనులు చెబుతాను. నీళ్లకు వేళ. లైటుకు ఫోను. కాలువకు ట్రాక్టరు.

నీళ్లకు వేళ అంటే, మన వీధికి నల్లా ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తుందో రావిచెట్టు దగ్గర బోర్డు మీద రాయిస్తాను. వేళ మారితే ముందు రోజే మీకు తెలుస్తుంది. కూలికి పోయిన తల్లి నీళ్ల కోసం పని మానుకోకూడదు.

లైటుకు ఫోను అంటే, ప్రతి స్తంభానికీ నంబరు వేయిస్తాను. లైటు పోతే ఆ నంబరు నాకు ఫోనులో చెప్పండి. ఆ నెలలో వెలగని స్తంభాల జాబితా కౌన్సిల్ సమావేశంలో నిలబడి చదువుతాను.

కాలువకు ట్రాక్టరు అంటే, పూడిక తీసి గట్టున పోసి పోతే మొదటి వానకే మళ్లీ కాలువలో పడుతున్నది, మీరు చూస్తూనే ఉన్నారు. తీసిన పూడిక రెండో రోజు దాటకుండా ట్రాక్టరు ఎక్కాలి. ఎక్కకపోతే నా ఇంటి ముందు పోయండి.

నీళ్లకు వేళ. లైటుకు ఫోను. కాలువకు ట్రాక్టరు. మీ ఓటు నాకు.’

గుర్తు వచ్చాక చివరి వాక్యంలో గుర్తు చేరుతుంది.

వంటింటి_కిటికీ

కాలువ భాగం బాగుంది, ఆ నల్లటి బురద గుట్టను మేము చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటుతుంటాము, చెప్పనక్కర లేకుండానే కళ్ల ముందు కనిపిస్తుంది. ‘నా ఇంటి ముందు పోయండి’ అన్న మాట మాత్రం జనం నవ్వుకుంటూ తప్పకుండా గుర్తు పెట్టుకుంటారు, ఆవిడ సిద్ధంగా ఉన్నారా అని అడిగి ఉంచండి.

ఇరుకుసందు

ఆ వాక్యం ఆవిడదే. చిన్నాన్న తీసేయమన్నారు, ఆవిడ ఒప్పుకోలేదు.

పాతబస్టాండ్

చిన్నాన్న గారికి నా సానుభూతి, గేటు కడుక్కునేది ఆయనే కదా.

గోడరాత

‘కాలువకు ట్రాక్టరు’ అన్నది గోడ మీద పొడుగు. ‘కాలువకు బండి’ అంటే మూడు ముక్కలూ ఒకే తూకంలో ఉంటాయి, పిల్లలు కూడా అరుస్తూ తిరుగుతారు.

మైక్‌సెట్_మల్లేశం

నేను ఒప్పుకోను. బండి అంటే ఏ బండి అయినా కావచ్చు, వినే మనిషి దానిని పట్టించుకోడు. ట్రాక్టరు అన్న మాట వినగానే ‘కాలువకు ట్రాక్టరు ఏమిటి?’ అని తల తిప్పుతాడు, ఆ తల తిరగడమే మనకు కావాలి. మైకులో ‘ట్ర’ శబ్దం కూడా గట్టిగా పడుతుంది.

గోడరాత

మైకుకు మీ మాట, గోడకు నా మాట. రెండూ వేరుగా ఉంటే మాత్రం పాడవుతుంది, ఏదో ఒకటే ఉంచండి.

నోటు_మాట్లాడుతుంది

గెలిచాక ‘రెండో రోజు’ అన్న గడువే ఆవిడ మెడకు చుట్టుకుంటుంది. పెద్ద పార్టీల వాళ్లు తేదీలు ఎందుకు చెప్పరో ఆలోచించండి. ‘శుభ్రమైన వార్డు’ అని వదిలేస్తే ఎవరూ పట్టుకోలేరు.

కృష్ణాతీరం

ఎవరూ పట్టుకోలేని మాటను ఎవరూ గుర్తు కూడా పెట్టుకోలేరు. ఇరుకుసందు గారి మొదటి ఫిర్యాదే అది.

తీర్మానం

ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. రెండో రోజు అన్నది ట్రాక్టరు ఎవరి కింద ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. కొన్ని చోట్ల పారిశుద్ధ్య ట్రాక్టరు ఒకటే ఊరంతా తిరుగుతుంది, వార్డుకు వంతు వచ్చేసరికి వారం పట్టవచ్చు. మీ మునిసిపాలిటీలో ఎన్ని ఉన్నాయో, మీ వార్డుకు ఏ రోజు వస్తుందో జవానును అడిగితే చెబుతాడు. వంతు రోజునే పూడిక తీయిస్తే గడువు సమస్యే ఉండదు.

నాకు ఎక్కువ అనుమానం ఉన్నది మొదటి హామీ మీద. నల్లా వేళ లైన్‌మన్ ఇష్టం ఒక్కటే కాదు. ట్యాంకు నిండటానికి పట్టే సమయం, పైనుంచి వచ్చే నీరు, కరెంటు కోత, వాల్వు వరుసలో మీ వీధి ఎన్నోది, ఇవన్నీ కలిసి వేళను నిర్ణయిస్తాయి. వరుసలో చివర ఉన్న వీధికి బోర్డు మీద రాసిన గంట తరచూ తప్పుతుంది. అప్పుడు ఆ బోర్డే రోజూ మీ చిన్నమ్మకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తుంది. వేళ ప్రకటించడానికి బదులు, వాల్వు తిప్పగానే వార్డు గ్రూపులో లైన్‌మన్ చేత ఒక సందేశం పెట్టించడం సాధ్యమైన పని.

వంటింటి_కిటికీ

గ్రూపులో సందేశం చూసేది ఫోను ఉన్న వాళ్లు. మా వీధిలో పెద్ద ఫోను సగం ఇళ్లలో మగవాళ్ల జేబులో ఉంటుంది, నీళ్లు పట్టేది మేము. బోర్డు అన్నదే నాకు నచ్చింది.

తీర్మానం

అది నిజమే, దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. బోర్డు మీద గంట కాకుండా ‘ఉదయం వంతు, సాయంత్రం వంతు’ అని రాయిస్తే తప్పే అవకాశం తగ్గుతుంది, కానీ మాటలో పదును కూడా తగ్గుతుంది.

పాతబస్టాండ్

రేపటి సభ తరువాత కూడా పాల బూతు దగ్గరే అడగండి, కానీ ‘ప్రసంగం ఎలా ఉంది’ అని అడగవద్దు, బాగుందనే అంటారు. మీరు ఆమె తాలూకు మనిషి అని తెలిసినవారిని అడిగినా మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. సభకు రాని వాళ్లను అడగండి. రాని వాడి నోట మూడింటిలో ఒకటి వచ్చిందంటే, విన్నవాడు ఇంకొకరికి చెప్పాడన్నమాట. ఏ ఒకటి వచ్చిందో చూసి, తరువాతి కూడలిలో దానినే ముందు పెట్టండి.

ఇరుకుసందు

రేపు సభను ఎనిమిదింటికి మార్చాము, నల్లా అయిపోయాక. ఉదయం లైన్‌మన్‌ను కలిసి మా వీధి వాల్వు వరుసలో ఎన్నోదో కనుక్కుంటాను. చివరిదైతే నీళ్ల హామీని ‘వంతు’ కిందికి మారుస్తాము, కాకపోతే ‘వేళ’ అలాగే ఉంటుంది. ట్రాక్టరా బండా అన్నది చిన్నమ్మ రెండు రకాలుగానూ మైకులో చెప్పి చూస్తానన్నారు. మల్లేశం గారూ, హారన్లు రెండు ఉంటే చాలా, నాలుగు కావాలా?

మైక్‌సెట్_మల్లేశం

ఇరుకు సందుల్లో రెండు చాలు. నాలుగు పెడితే పక్క వీధి వాళ్లకు మోత, మీ వీధి వాళ్లకు తలనొప్పి, ఖర్చు లెక్కలో అదనంగా ఒక పద్దు.